భూమి రాష్ట్రానిది అయితే భూసేకరణ చట్టం కేంద్రం ఎలా చేసింది? క్లాసు సారాంశం ఇక్కడే ఆగిపోయింది

చిక్కడపల్లి_సివిక్స్
సమాఖ్య, అధికార విభజన మీద గంటసేపు జరిగిన లెక్చర్‌ని పిల్లలకు రెండు పేజీల్లో కుదించాలి. ఇంటర్ సెకండియర్ వాళ్లు, కొందరు గ్రూప్స్‌కి చదివేవాళ్లు కూడా ఉన్నారు. మూడు జాబితాలు, 246వ అధికరణ, అవశిష్టాధికారాలు వరకు రాసేశాను. ఒక్క పేరా దగ్గర ఆగిపోయాను. లెక్చర్‌లో ఒకచోట "భూమి రాష్ట్ర జాబితాలోది" అన్నారు. పది నిమిషాల తర్వాత "2013 భూసేకరణ చట్టం పార్లమెంటు చేసింది, తెలంగాణ దాన్ని సవరించుకుంది" అన్నారు. నా డ్రాఫ్ట్ ఇలా ఉంది:

"భూమి రాష్ట్ర జాబితాలోని అంశం. అయినా జాతీయ ప్రయోజనం దృష్ట్యా కేంద్రం 2013లో భూసేకరణ చట్టం చేసింది. రాష్ట్ర చట్టానికి, కేంద్ర చట్టానికి వైరుధ్యం వస్తే కేంద్ర చట్టమే చెల్లుతుంది."

చదివితే నాకే నమ్మకం కుదరట్లేదు. కేంద్ర చట్టమే చెల్లితే తెలంగాణ సవరణ ఎలా నిలబడింది? ఈ మూడు వాక్యాల్లో తప్పు ఎక్కడుంది?

గ్రూప్2_రమణ
తప్పేం లేదు మేడం. ఉమ్మడి జాబితాలో గొడవ వస్తే కేంద్రమే గెలుస్తుంది. 254వ అధికరణ. అంతే రాయండి, పరీక్షలో అదే అడుగుతారు.

సీతాఫల్‌మండి_వకీల్
రమణ గారూ, మీరు చెప్పింది 254లో మొదటి క్లాజు. రెండో క్లాజు వదిలేస్తే మేడం అడిగిన ప్రశ్నకు జవాబే లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను, ముందు ఆ డ్రాఫ్ట్‌లో మొదటి వాక్యం సరిచేయాలి.

రాష్ట్ర జాబితా 18వ అంశంలో "భూమి" ఉంది, నిజమే. కానీ ఆ మాట వెంటనే ఏమేం వస్తాయో కూడా అక్కడే రాసి ఉంది: భూమి మీద హక్కులు, కౌలు, శిస్తు వసూలు, సాగుభూమి బదిలీ, అలాంటివి. అందులో భూసేకరణ లేదు. భూసేకరణ ఉమ్మడి జాబితా 42వ అంశం. కాబట్టి కేంద్రం రాష్ట్రం పరిధిలోకి చొరబడలేదు, తనకూ అధికారం ఉన్న అంశం మీదే చట్టం చేసింది. "జాతీయ ప్రయోజనం దృష్ట్యా" అన్న మాట పూర్తిగా తీసేయండి. అలా రాస్తే పిల్లలకు 249వ అధికరణ గుర్తొస్తుంది. అది రాజ్యసభలో హాజరై ఓటేసిన వాళ్లలో మూడింట రెండొంతుల మెజారిటీతో తీర్మానం చేసి, రాష్ట్ర జాబితాలోని అంశాన్ని పార్లమెంటుకు తాత్కాలికంగా అప్పగించే దారి. 2013 చట్టానికి ఆ దారితో పనే పడలేదు.

పాత_పేజీ
వకీల్ గారు చెప్పినదానికి వెనక ఒక సంగతి ఉంది. 1950లో భూసేకరణ ఒక్కచోట లేదు. కేంద్రం తన పనులకు చేసుకునే సేకరణ కేంద్ర జాబితా 33లో, రాష్ట్రం చేసేది రాష్ట్ర జాబితా 36లో, పరిహారం లెక్కగట్టే సూత్రాలు ఉమ్మడి జాబితా 42లో ఉండేవి. 1956లో ఏడో సవరణ 33ని, 36ని తీసేసి మొత్తాన్ని ఉమ్మడి 42 కింద పెట్టింది. పాత గైడ్లలో "భూసేకరణ - రాష్ట్ర జాబితా" అని కనిపిస్తే కారణం అదే అయ్యుంటుంది.

ఈ ఖాళీలు గుర్తుంటే అంశాల లెక్క కూడా కుదురుతుంది. రాష్ట్ర జాబితాలో చివరి నంబరు 66. అందులో 1956లో పోయింది ఒకటి (36). 1976లో 42వ సవరణతో పోయినవి నాలుగు: విద్య (11), అడవులు (19), వన్యప్రాణులు (20), తూనికలు కొలతలు (29). 2016లో జీఎస్టీ కోసం 101వ సవరణతో పోయినవి రెండు (52, 55). 66లోంచి 7 తీస్తే 59.

ఇంటర్_సెకండియర్
మా గైడ్‌లో 61 ఉంది సార్. అన్నయ్య పుస్తకంలో 66 ఉంది. ఏది రాయాలి?

పాత_పేజీ
66 అనేది మొదట్లో ఉన్న సంఖ్య. 61 అనేది జీఎస్టీకి ముందు సంఖ్య. ఇప్పుడు 59. ఉమ్మడి జాబితా 47తో మొదలై, 11ఎ, 17ఎ, 17బి, 20ఎ, 33ఎ చేరి 52 అయింది. విద్యకు కొత్త నంబరు రాలేదు, అప్పటికే ఉన్న 25వ అంశాన్నే తిరగరాశారు. అందుకే 1976లో ఐదు అంశాలు బదిలీ అయ్యాయంటారు గానీ రాష్ట్ర జాబితాలో ఖాళీ అయిన నంబర్లు నాలుగే. ఐదోది న్యాయపాలన. అది 3వ అంశంలో కొంత భాగం మాత్రమే, ఆ నంబరు ఇంకా అక్కడే ఉంది.

గ్రూప్2_రమణ
కేంద్ర జాబితా 100 కదా?

పాత_పేజీ
అదీ జీఎస్టీ ముందు లెక్కే. 97లోంచి 33 పోయింది, 2ఎ, 92ఎ, 92బి, 92సి వచ్చాయి, 97 - 1 + 4 = 100. 101వ సవరణ 92ని, 92సిని తీసేసింది. ఇప్పుడు 98.

నోట్‌బుక్_వనజ
లెక్క అంత వివరంగా సారాంశంలో వద్దు మేడం, మూడు సంఖ్యలు రాసి పక్కన "2016 తర్వాత" అని పెడితే చాలు. వకీల్ గారు చెప్పిన 18కీ 42కీ మధ్య తేడాయే పిల్లలకు బాగా అందుతుంది. హైదరాబాద్ పిల్లలకి ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే అమీర్‌పేటలో ఫ్లాటు, శంకర్‌పల్లిలో వ్యవసాయ భూమి పక్కపక్కన పెట్టండి. ఫ్లాటు అమ్మకం ఉమ్మడి జాబితా 6వ అంశం, అక్కడ "సాగుభూమి కాని ఆస్తి బదిలీ" అని స్పష్టంగా రాశారు. సాగుభూమి బదిలీ రాష్ట్ర జాబితా 18. ఆ ఫ్లాటునీ ఆ పొలాన్నీ ప్రభుత్వం రోడ్డు కోసం తీసుకుంటే రెండూ ఉమ్మడి 42 కిందికి వస్తాయి. నేల అదే అయినా దాన్ని ఏం చేస్తున్నామన్నదాన్ని బట్టి అంశం మారుతుంది. బోర్డు మీద రెండు బొమ్మలు గీసి, కింద మూడు నంబర్లు రాస్తే చాలు.

సంగారెడ్డి_రైతుబిడ్డ
నాదొక్క డౌటు. మా పొలం మీదికెల్లి నేషనల్ హైవే పోతుంది. 3ఎ నోటిఫికేషన్ అయింది, 3డి కూడా అయింది. తెలంగాణ చట్టం ప్రకారం ఒప్పందం చేసుకుంటే పైసలు ఎక్కువొస్తయని ఊర్లో అంటున్నరు. ఇప్పుడు మాకు ఏ చట్టం లెక్క?

సీతాఫల్‌మండి_వకీల్
తమ్ముడూ, 3ఎ, 3డి అంటున్నావంటే నీ భూమి తీసుకుంటున్నది 1956 జాతీయ రహదారుల చట్టం కింద. జాతీయ రహదారులు కేంద్ర జాబితా 23. 2013 చట్టంలో నాలుగో షెడ్యూలు ఉంది, అందులో పదమూడు కేంద్ర చట్టాల పేర్లున్నాయి, వాటిలో ఇదొకటి. వాటికి సేకరణ పద్ధతి ఎవరిది వాళ్లదే. పరిహారం, పునరావాసం మాత్రం 2015 నుంచి 2013 చట్టం ప్రమాణాల ప్రకారమే. కాబట్టి తెలంగాణ సవరణలోని ఒప్పందం సెక్షన్ పేరు చెప్పి అడగకు. పరిహారం 2013 చట్టం మొదటి షెడ్యూలు ప్రకారం కట్టారా లేదా అని అడుగు. గ్రామాల్లో మార్కెట్ విలువకు వేసే గుణకం, దాని మీద భూమి పోయినందుకు అదనంగా ఇచ్చే నూటికి నూరు సొలేషియం, ఈ రెండూ అవార్డు కాపీలో విడివిడిగా కనిపించాలి. తక్కువ అనిపిస్తే జాతీయ రహదారుల చట్టంలోనే 3జి(5) కింద ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లొచ్చు. కాగితాలు ఎవరైనా వకీలుకి చూపించు, ఇక్కడ రాసిన నాలుగు మాటల మీద సంతకం పెట్టకు.

సంగారెడ్డి_రైతుబిడ్డ
సరే అన్నా. అవార్డు కాపీ ఇంక చేతికి రాలే. రాంగనే చూపిస్త.

చిక్కడపల్లి_సివిక్స్
వనజ గారి ఫ్లాటు, పొలం తీసుకుంటున్నాను. ఇప్పుడు నా మూడో వాక్యం. వకీల్ గారూ, 254 రెండో క్లాజు తెలంగాణ విషయంలో ఎలా పనిచేసిందో వరసగా చెప్తారా? పిల్లలకు కథలా చెప్పాలి.

సీతాఫల్‌మండి_వకీల్
వరసగానే చెప్తాను.

2013 చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావ అంచనా చేయాలంటుంది, దానికి ఆరు నెలల గడువు పెట్టింది. ప్రాజెక్టులకు భూమి త్వరగా కావాలని రాష్ట్రం 2015లో జీవో 123 తెచ్చింది. ఇష్టపడి అమ్మేవాళ్ల దగ్గర నేరుగా కొంటామని దాని సారాంశం. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేశారు. భూమి అమ్మినవాడికి డబ్బు వస్తుంది, ఆ భూమి మీద కూలి చేసి బతికేవాడికి 2013 చట్టం ఇచ్చిన పునరావాసం ఈ దారిలో పోతుంది. వివాదం నడిచింది దాని మీదే. ఆ తీర్పు మీద అప్పీలు కూడా నడిచింది.

పిల్లలకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. జీవో అనేది చట్టం కాదు, కార్యనిర్వాహక ఉత్తర్వు. ఉమ్మడి జాబితా అంశం మీద పార్లమెంటు చట్టం ఉంటే రాష్ట్ర కార్యనిర్వాహక అధికారం దానికి లోబడే ఉంటుందని 162వ అధికరణ చెప్తుంది. రాష్ట్రపతి ఆమోదం ఉంటే ఆ రాష్ట్రంలో రాష్ట్ర చట్టమే చెల్లుతుందన్నది 254(2). జీవోని ఎంత పకడ్బందీగా రాసినా ఆ రక్షణ దానికి రాదు. ఆ రక్షణ శాసనసభ చేసిన చట్టానికే.

అందుకే రాష్ట్రం రెండో దారి పట్టింది. 2016 డిసెంబర్‌లో శాసనసభలో సవరణ బిల్లు పాసైంది. గవర్నర్ దాన్ని రాష్ట్రపతి పరిశీలనకు పంపాలి, అది 200వ అధికరణ. కేంద్రం కొన్ని మార్పులు అడిగింది. 2017 ఏప్రిల్ 30న ప్రత్యేకంగా సభ పెట్టి ఆ మార్పులు ఆమోదించారు. తర్వాత రాష్ట్రపతి ఆమోదం వచ్చి 2017లో 21వ నంబరు చట్టమైంది. అందులో 10ఎ సెక్షన్ సాగునీరు, రోడ్ల వంటి కొన్ని రకాల ప్రాజెక్టులకు ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించింది. 30ఎ ఒప్పందంతో భూమి తీసుకునే దారి పెట్టింది. అంటే జీవోతో నిలబడని పని, రాష్ట్రపతి ఆమోదం ఉన్న చట్టంతో దారికొచ్చింది. మేడం లెక్చర్‌లో విన్న "సవరించుకుంది" అన్న ఒక్క మాట వెనక ఇంత ఉంది.

గ్రూప్2_రమణ
ఇది నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. అయితే రాష్ట్రపతి ఆమోదం వస్తే ఇక ఆ రాష్ట్రంలో కేంద్ర చట్టం కదపలేదన్నమాట. అలా రాసుకోవచ్చా?

లా_లైబ్రరీ_మూల
రాసుకోవద్దు. 254(2) చివర్లో ఒక షరతు ఉంది. పార్లమెంటు తర్వాత ఎప్పుడైనా అదే అంశం మీద కొత్త చట్టం చేసి, రాష్ట్ర చట్టానికి చేర్పులు చేయొచ్చు, దాన్ని మార్చొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. 1954లో జవేర్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు అదే. బొంబాయి రాష్ట్రం 1947లో పైనుంచి ఆమోదం తెచ్చుకుని శిక్ష పెంచింది. 1950లో పార్లమెంటు అదే శిక్షల విషయం మీద కొత్తగా సవరణ చేసింది. రాష్ట్ర చట్టం నిలవలేదు.

ఆమోదం ఇంకో రెండు రకాలుగా కూడా సరిపోకుండా పోతుంది. ఒకటి, ఏ కేంద్ర చట్టంతో వైరుధ్యం ఉందని చెప్పి ఆమోదం అడిగారో దానికే ఆ ఆమోదం పనికొస్తుంది. 2002లో కైసర్-ఇ-హింద్ కేసులో తేలింది అది. వైరుధ్యం మూడు చట్టాలతో ఉండి రెండింటి పేర్లే పంపితే మూడోదాని దగ్గర రక్షణ లేదు. రెండు, ఆమోదం పోగొట్టేది వైరుధ్యం అనే దోషాన్ని మాత్రమే. ప్రాథమిక హక్కులకు విరుద్ధమని ఎవరైనా సవాలు చేస్తే ఆమోదం చూపించి తప్పించుకోలేరు.

ఇంటర్_సెకండియర్
వైరుధ్యం ఉందో లేదో ఎలా తెలుస్తుంది సార్? రెండు చట్టాలూ ఒకే విషయం మీద ఉంటే చాలా?

సీతాఫల్‌మండి_వకీల్
చాలదు బాబూ. మంచి ప్రశ్న. ముందు ఒకటి చూడాలి: రాష్ట్ర చట్టం అసలు సారం ఏ జాబితాలోది? సారం రాష్ట్ర జాబితాలో ఉండి, ఉమ్మడి అంశాన్ని కాస్త తాకితే 254 దాకా వెళ్లక్కర్లేదు. రెండూ ఉమ్మడి జాబితాలోవే అయితే అప్పుడు అడగాలి: ఒకే మనిషి ఒకే పనిలో రెండింటినీ పాటించగలడా?

తెలంగాణ ఉదాహరణలో కలెక్టర్‌ని ఊహించుకో. కేంద్ర చట్టం ప్రభావ అంచనా చేయి అంటుంది. రాష్ట్ర సవరణ ఈ ప్రాజెక్టుకి అక్కర్లేదు అంటుంది. చేయకుండా ముందుకెళ్తే కేంద్ర చట్టం తప్పినట్టు. కాబట్టి వైరుధ్యం ఉంది, ఆమోదం కావాలి. అదే రాష్ట్రం "2013 చట్టం ఇచ్చే పరిహారం కన్నా ఎక్కువ ఇస్తాం" అని చట్టం చేసిందనుకో, ఇబ్బంది లేదు. 2013 చట్టంలోనే 107వ సెక్షన్ రాష్ట్రాలకు ఆ వీలు ఇచ్చింది.

లా_లైబ్రరీ_మూల
"రెండింటినీ పాటించగలడా" అనే పరీక్ష ఒక్కటే చాలదు. నేరుగా గొడవ లేకపోయినా, పార్లమెంటు ఆ రంగం మొత్తాన్నీ తనే నింపేయాలని చట్టం చేసినట్టు కనిపిస్తే అక్కడ రాష్ట్ర చట్టానికి చోటుండదు. 1979 కరుణానిధి తీర్పు ఇలాంటి పరీక్షలన్నీ ఒకచోట పెట్టింది. ఆ కేసులోనే తమిళనాడు చట్టానికి, కేంద్ర అవినీతి నిరోధక చట్టానికి వైరుధ్యం లేదని తేల్చారు, రెండూ పక్కపక్కన నడవగలవన్నారు.

సీతాఫల్‌మండి_వకీల్
నిజమే, కానీ ఇంటర్ పిల్లల రెండు పేజీల్లో అది పెడితే మొదటి పరీక్ష కూడా మర్చిపోతారు. "రంగం మొత్తం నిండిందా" అనేది కోర్టులో వాదించడానికే కష్టంగా ఉంటుంది.

లా_లైబ్రరీ_మూల
వదిలేస్తే వాళ్లు మొదటి పరీక్షతోనే అన్నీ తేల్చేస్తారు. ఒక్క వాక్యమైనా ఉండాలని నా మాట.

నోట్‌బుక్_వనజ
గ్రూప్స్ పిల్లల పేజీలో పెట్టండి, ఇంటర్ పేజీలో వద్దు. ఇద్దరికీ ఒకే కాగితం ఇవ్వడమే చిక్కు.

పాత_పేజీ
తమిళనాడు అనగానే గుర్తొచ్చింది. తెలంగాణకి పక్కన దాన్ని పెడితే ఆమోదం ఎప్పుడు వచ్చిందన్నది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. వాళ్లకి భూసేకరణ మీద సొంత చట్టాలు మూడు, 2013కి ముందు నుంచే ఉన్నాయి. వాటిని కాపాడుకోవడానికి 2013 చట్టంలో 105ఎ అని చేర్చి 2015 జనవరిలో ఆమోదం తెచ్చుకున్నారు. 2019 జులైలో మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. 2013 చట్టం వచ్చినప్పుడే ఆ మూడూ చెల్లకుండా పోయాయి, పోయినవాటిని 105ఎ బతికించలేదు అంది. అదే ఏడాది రాష్ట్రం వాటిని తిరిగి బతికిస్తూ కొత్త చట్టం చేసి మళ్లీ రాష్ట్రపతి ఆమోదం తెచ్చింది. 2021లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది.

గ్రూప్2_రమణ
అంటే ఆమోదం కాగితం ఉందా అని మాత్రమే కాదు, ఏ చట్టానికి, ఏ కేంద్ర చట్టం తర్వాత తెచ్చారు అని చూడాలి.

పాత_పేజీ
అదే. ఇప్పుడు పట్టుకున్నావు.

చిక్కడపల్లి_సివిక్స్
తిరగరాశాను, చూడండి:

"భూమి మీద హక్కులు, కౌలు, సాగుభూమి బదిలీ రాష్ట్ర జాబితా 18వ అంశం. భూసేకరణ మాత్రం 1956 నుంచి పూర్తిగా ఉమ్మడి జాబితా 42వ అంశం. కాబట్టి పార్లమెంటు 2013లో చట్టం చేయగలిగింది, రాష్ట్రాలూ చేయగలవు. రెండింటినీ ఒకేసారి పాటించడం కుదరకపోతే మామూలుగా కేంద్ర చట్టం చెల్లుతుంది. రాష్ట్ర చట్టానికి రాష్ట్రపతి ఆమోదం ఉంటే ఆ రాష్ట్రంలో అది చెల్లుతుంది. తెలంగాణ జీవో 123కి ఈ రక్షణ లేదు, ఎందుకంటే అది చట్టం కాదు. 2017లో ఆమోదం పొందిన సవరణ చట్టానికి ఉంది. ఆ తర్వాత కూడా పార్లమెంటు అదే అంశం మీద కొత్త చట్టం చేసి దాన్ని మార్చగలదు."

సీతాఫల్‌మండి_వకీల్
బాగుంది. ఒక్క మార్పు. "కేంద్ర చట్టం చెల్లుతుంది" దగ్గర "వైరుధ్యం ఉన్న మేరకు" అని చేర్చండి. లేకపోతే రాష్ట్ర చట్టం మొత్తం కొట్టుకుపోతుందని పిల్లలు అనుకుంటారు. గొడవపడే సెక్షన్లే పోతాయి, విడదీయగలిగితే మిగతాది ఉంటుంది.

ఇంటర్_సెకండియర్
ఇంకొక్కటి. 2020లో వ్యవసాయ చట్టాలు కేంద్రం చేసింది కదా. వ్యవసాయం రాష్ట్ర జాబితా అని అందరూ అన్నారు. అది కూడా ఇలాగే ఉమ్మడి జాబితాలో ఉందా?

లా_లైబ్రరీ_మూల
వ్యవసాయం రాష్ట్ర జాబితా 14, మార్కెట్లు, సంతలు 28. కేంద్రం పట్టుకున్నది ఉమ్మడి జాబితా 33, ఆహార పదార్థాల వ్యాపారం. భూమికీ భూసేకరణకీ ఉన్నంత స్పష్టమైన గీత అక్కడ లేదు. మార్కెట్ యార్డులో ధాన్యం అమ్మడం "మార్కెట్" కిందికి వస్తుందా, "ఆహార పదార్థాల వ్యాపారం" కిందికి వస్తుందా? నా లెక్కలో 28 బరువే ఎక్కువ.

సీతాఫల్‌మండి_వకీల్
నేను ఒప్పుకోను. యార్డు బయట జరిగే అమ్మకం వరకు 33 సరిపోతుంది. సుప్రీంకోర్టు 2021 జనవరిలో అమలు ఆపింది, సంవత్సరం చివర్లో పార్లమెంటే ఆ చట్టాలు వెనక్కి తీసుకుంది. అధికారం ఎవరిదన్నది కోర్టు తేల్చకముందే చట్టాలు పోయాయి. అందుకే ఇద్దరం ఇంకా వాదించుకోవచ్చు.

చిక్కడపల్లి_సివిక్స్
దీన్ని సారాంశంలో పెట్టను, కింద ప్రశ్నగా ఇస్తాను: 14, 28, 33 ఇచ్చి, మీరు ఏ అంశం కింద పెడతారో, ఎందుకో రాయమంటాను. "వైరుధ్యం ఉన్న మేరకు" చేర్చేశాను. జిరాక్స్‌కి పంపుతున్నా, ఇంటర్ వాళ్లకి ఒకటి, గ్రూప్స్ వాళ్లకి కరుణానిధి తీర్పు వాక్యంతో ఇంకొకటి.